రూపాయి తేని మిషన్‌కు లెక్క కట్టడం

ఫ్యాక్టరీలో కాస్ట్ అకౌంటెంట్ టేబుల్ మీదికి వచ్చే పెట్టుబడి ఫైళ్లు రెండు రకాలు. ఫలానా మిషన్ పెడితే ఇంత సరుకు ఎక్కువ తీస్తాం, ఇంత లాభం మిగులుతుంది అని గొంతెత్తి చెప్పుకునేవి మొదటి రకం. రెండో రకంలో ఫైర్ పంపు, జనరేటర్, మురుగునీటి శుద్ధి ప్లాంటు లాంటివి ఉంటాయి. వాటివల్ల రూపాయి రాబడి ఉండదు, అవి లేకపోతే ఫ్యాక్టరీకి తాళం పడుతుంది. రాబడి గడిలో రాయడానికి ఏమీ లేనప్పుడు నికర ప్రస్తుత విలువ కట్టి లాభమా నష్టమా అని అడగడంలో అర్థం లేదు. పెట్టక తప్పదని ముందే తేలిపోయింది కాబట్టి, దాని ఆయుష్షంతా కలిపి ఏది తక్కువలో పోతుందన్నదే మిగిలే ప్రశ్న. భవిష్యత్తులో పెట్టబోయే ప్రతి ఖర్చునూ నేటి విలువకు దించి, కూడి, తక్కువ మొత్తం వచ్చినదాన్ని ఎంచుకోవాలి. పద్ధతి ఇంతే. చిక్కంతా దాన్ని వాడేటప్పుడు వస్తుంది.

నేను పనిచేసిన ఒక అద్దకం యూనిట్‌లో శుద్ధి ప్లాంటు గాలి తొట్టికి కొత్త పరికరాలు కొనాల్సి వచ్చింది. రంగు నీళ్లలోని మలినాన్ని తినే సూక్ష్మజీవులకు ఇరవై నాలుగు గంటలూ ఆక్సిజన్ అందాలి. అందుకు రెండు దారులున్నాయి. ఒకటి సర్ఫేస్ ఏరేటర్: మోటారు, గేర్‌బాక్స్, కింద తిరిగే రెక్కలు. నీళ్లను పైకి చిమ్మి గాలిలో కలుపుతుంది. రెండోది బ్లోయర్‌తో గాలిని తొట్టి అడుగుకు పంపి, రబ్బరు పొర ఉన్న డిఫ్యూజర్ల గుండా సన్నని బుడగలుగా వదలడం. మొదటిది చవక, కరెంటు ఎక్కువ తాగుతుంది. రెండోది ఖరీదు, కరెంటు తక్కువ చాలు.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టే ముందు అవి ఒకే పని చేస్తాయా అని చూడాలి. ఖర్చులు మాత్రమే పోల్చే ఈ పద్ధతికి పునాది అదే. డిఫ్యూజర్ కంపెనీ మొదటి కొటేషన్ 34 లక్షలకే వచ్చింది. ప్లాంటు ఇంజనీరు దాన్ని తిరగేసి, "వీళ్లు మన మలినం లోడు తక్కువ వేసుకున్నారండీ, బ్లోయర్ చిన్నది పెట్టారు" అన్నాడు. గంటకు ఎన్ని కిలోల ఆక్సిజన్ కావాలో రాసి ఇద్దరికీ పంపాక, ఆ కొటేషన్ 40 లక్షలకు పెరిగింది. అప్పుడే పోలికకు అర్హత వచ్చింది.

లెక్క ఇలా ఉంది. ఏరేటర్ల ధర 18 లక్షలు, డిఫ్యూజర్ల ధర 40 లక్షలు. ఏడాదికి కరెంటు ఏరేటర్లకు 12.5 లక్షలు, డిఫ్యూజర్లకు 8 లక్షలు. మామూలు మరమ్మతులు రెండింటికీ 1.5 లక్షలే. అయిదో ఏట గేర్‌బాక్స్ ఓవర్‌హాల్‌కు 3 లక్షలు, రబ్బరు పొరలు మార్చడానికి 6 లక్షలు అవుతాయి. పదేళ్ల తర్వాత పాత ఇనుము కింద ఏరేటర్లకు 1.5, డిఫ్యూజర్ల సెట్‌కు 3 లక్షలు వస్తాయి. రెండింటికీ ఆయుష్షు పదేళ్లే వేసుకున్నాం. ఆయుష్షులు వేరైతే ఈ మొత్తాలను నేరుగా పోల్చకూడదు, ఏడాదికి సమానమైన ఖర్చుగా మార్చాలి. పన్నును కూడా ఇక్కడ పక్కన పెట్టాను.

ఊరికే కూడితే ఏరేటర్లకు 159.5 లక్షలు, డిఫ్యూజర్లకు 138 లక్షలు. తేడా 21.5 లక్షలు. ప్లాంటు వాళ్ల నోట్‌లో ఉన్నది ఈ తేడానే. కానీ మా కంపెనీకి డబ్బు మీద పడే ఖర్చు 12 శాతం. ఆ లెక్కన అయిదేళ్ల తర్వాతి రూపాయికి నేటి విలువ 57 పైసలు, పదేళ్ల తర్వాతి రూపాయికి 32 పైసలు. పదేళ్లపాటు ఏటా చివర కట్టే రూపాయిలన్నీ కలిపితే నేటి విలువ 5 రూపాయల 65 పైసలు. ఈ గుణకాలతో దించితే ఏరేటర్లకు 98.3 లక్షలు, డిఫ్యూజర్లకు 96.1 లక్షలు వచ్చాయి. ఇరవై ఒక్క లక్షల తేడా రెండు లక్షల చిల్లరకు కుదించుకుపోయింది. డిఫ్యూజర్లకు డబ్బు ఈరోజే కట్టాలి, ఆదా మాత్రం పదేళ్లపాటు చిన్న ముక్కలుగా వస్తుంది మరి.

ఫైనాన్స్ హెడ్ నా లెక్క చూసి, "కరెంటు రేటు ఎటుపోతుందో ఎవరికి తెలుసు? రిస్కు ఉంది కదా, 15 శాతంతో వెయ్యండి" అన్నారు. వేశాను. ఏరేటర్లకు 89.4, డిఫ్యూజర్లకు 89.9 వచ్చింది. ఫలితం తిరగబడింది.

మీటింగులో చాలాసేపు నలిగింది ఇదే. రాబడి తెచ్చే ప్రాజెక్టుల్లో రిస్కు ఉంటే డిస్కౌంట్ రేటు పెంచడం మనకు అలవాటు. రేటు పెరిగితే రాబోయే ఆదాయం విలువ తగ్గి, ప్రాజెక్టు కొంచెం డీలాగా కనిపిస్తుంది. అది జాగ్రత్తే. కానీ గడుల్లో అన్నీ ఖర్చులే ఉన్నప్పుడు అదే రేటు ఎదురు తిరుగుతుంది. రేటు పెంచేకొద్దీ రేపటి ఖర్చు ఇవాళ చిన్నదిగా కనిపిస్తుంది. కరెంటు రేటు పెరుగుతుందేమోనన్న భయంతో డిస్కౌంట్ రేటు పెంచితే, కరెంటు ఎక్కువ తాగే మిషన్‌కే మేలు చేసినట్టు. భయపడిన దానికే బహుమానం ఇచ్చాం.

"మరి రిస్కును ఎక్కడ చూపిస్తారు?" అని ఆయన అడిగారు. ఖర్చు గడిలోనే చూపించాలి సార్ అన్నాను. కరెంటు బిల్లు మొదటి ఏడాది తర్వాత ఏటా 3 శాతం పెరుగుతుందనుకుని, రేటును 12 దగ్గరే ఉంచి మళ్లీ వేశాం. ఏరేటర్లకు 106.5, డిఫ్యూజర్లకు 101.3 లక్షలు వచ్చింది. ఆయన తృప్తి కోసం అదే పెరుగుదలను 15 శాతంతో వేసినా డిఫ్యూజర్లే దాదాపు రెండు లక్షలు చవక. కరెంటు ధర పెరగకపోతే రెండు దారులూ సమానమయ్యే డిస్కౌంట్ రేటు సుమారు 14.4 శాతం. ఈ ఒక్క అంకె నోట్‌లో పెడితే ఎవరు ఎటు మొగ్గుతున్నారో, దేన్ని నమ్మి మొగ్గుతున్నారో వెంటనే బయటపడుతుంది.

ఈ కాగితానికి ఒక హద్దు ఉంది. డిఫ్యూజర్ల 8 లక్షల కరెంటు ఖర్చు పొరలు కొత్తగా ఉన్నప్పటి మాట. అద్దకం నీళ్లలో ఉప్పు, సున్నం ఎక్కువ. అవి పొర రంధ్రాల్లో గట్టిపడితే బ్లోయర్ ప్రెషర్ గేజ్ ముల్లు నెలనెలా కాస్త పైకి జరుగుతుంది, మోటారు ఆంపియర్లు పెరుగుతాయి. పొర చిరిగితే ఆ చోట సన్నని నురుగు బదులు పెద్ద బుడగలు బుడబుడమంటూ పైకి తన్నుతాయి. గట్టు మీద నిలబడి కళ్లతోనే పట్టుకోవచ్చు. అందుకే పొరల మార్పు అయిదో ఏట కాకుండా మూడో ఏటా, ఆరో ఏటా, తొమ్మిదో ఏటా వస్తే ఏమవుతుందో కూడా వేశాం. ధరలు పెరగని 12 శాతం లెక్కలో డిఫ్యూజర్లు ఓడిపోయాయి. కరెంటు 3 శాతం పెరిగే లెక్కలో కూడా కొద్ది తేడాతో వెనకబడ్డాయి.

డిఫ్యూజర్లే కొన్నారు, కానీ పొరలకు నాలుగేళ్ల గ్యారంటీ రాతపూర్వకంగా తీసుకున్నాకే ఆర్డర్ వెళ్లింది. ఇలాంటి నోట్ మీ చేతికి వస్తే, మొత్తాల కంటే ముందు డిస్కౌంట్ రేటు ఎంత వేశారో, ఆ అంకెలో రిస్కు పేరుతో ఏమైనా కలిపారా అన్నది అడగండి.