గీత మారే చోటు

పాల డెయిరీలో సేకరణ లెక్కలు చూడటం నా పని. ఏటా మార్చి మొదట్లో వేసవి అంచనా ఇవ్వాలి. ఎండలు ముదిరితే గేదెలు పాలు తగ్గిస్తాయి. ఆ తగ్గుదల ఎంతో ముందే తెలిస్తే బయటి నుంచి పాలు కొనడానికి ఒప్పందం చేసుకోవచ్చు.

ఒక ఏడాది నేనిచ్చిన గ్రాఫులో వచ్చిన పాలకీ, రాబోయే పాలకీ ఒకటే నీలం గీత. మే దగ్గర రోజుకు 42 వేల లీటర్లు. ప్లాంటు మేనేజరు గారు అక్కడ వేలు పెట్టి, ‘‘42 వేలు వస్తుంటే బయట కొనడం దేనికయ్యా?’’ అన్నారు. ‘‘అది అంచనా సార్’’ అని నేను నోటితో చెప్పాను, కాగితం చెప్పలేదు. ఒప్పందం ఆగిపోయింది. మేలో వచ్చినవి 38 వేలే. తక్కువపడ్డ పాలు రోజూ హెచ్చు ధరకు తెచ్చుకున్నాం. 37 నుంచి 47 వేల మధ్య ఉండొచ్చని చెప్పే 80 శాతం పట్టీ నా కంప్యూటర్లో ఉంది. గ్రాఫు గజిబిజిగా కనిపిస్తోందని నేనే తీసేశాను.

ఇప్పుడు వాస్తవానికి నిండు గీత, అంచనాకు తెగిన గీత వేస్తాను. జిరాక్సులో రంగులు పోయినా తెగిన గీత తెగినట్టే ఉంటుంది. రెండూ కలిసేచోట నిలువు గీత గీసి, ‘ఫిబ్రవరి 28 వరకు వాస్తవం’ అని దాని పక్కనే రాస్తాను. సగం నెల లెక్కను వాస్తవం వైపు చేర్చను. చేరిస్తే, సేకరణ పడిపోయిందని చూసినవాళ్లు కంగారుపడతారు.

ఎక్సెల్‌లో Forecast Sheet వాడేవాళ్లు ఒకటి గమనించాలి. గీత తెగకుండా ఉండటానికి అది చివరి వాస్తవ విలువనే అంచనా కాలమ్‌లోనూ వేస్తుంది. పట్టికను విడిగా చూసేవాళ్లు దాన్ని అంచనా అనుకుంటారు. అందుకే పక్కన ‘వాస్తవం’, ‘అంచనా’ అని మరో కాలమ్ పెడతాను.

రిజర్వు బ్యాంకు ద్రవ్యోల్బణం అంచనాకు 50, 70, 90 శాతం పట్టీలు మూడూ చూపిస్తుంది. మా మీటింగుకు 80 శాతం పట్టీ ఒక్కటి చాలు. అంటే అయిదు నెలల్లో ఒక నెల దాని బయట పడొచ్చని అర్థం. అది నిజమో కాదో చూద్దామని పాత 24 నెలలకు, ఒక్కో నెలకు మూడు నెలల ముందు దొరికే లెక్కలతోనే మళ్లీ అంచనా వేశాను. నాలుగైదు నెలలు బయట పడాల్సింది, తొమ్మిది పడ్డాయి. ఎక్కువ భాగం వేసవివే, అన్నీ కింది వైపే. పచ్చిమేత కరవైన ఏడాది ఎలా ఉంటుందో నా లెక్కకు తెలియదు. అందుకని ఆ పాత తప్పుల కొలతతోనే పట్టీని మళ్లీ వేశాను. అడుగు 37 నుంచి 34 వేలకు దిగింది.

‘‘ఇంత వెడల్పా?’’ అన్నారు మేనేజరు గారు. బయటపడ్డ తొమ్మిది చుక్కలూ చూపించాను. కాసేపు చూసి, ఒప్పందం ఎంతకో తేల్చడానికి 34 వేల దగ్గర పెన్సిల్‌తో గుర్తు పెట్టుకున్నారు.