అప్పు కట్టినా నగలు ఎందుకియ్యరు?

అన్నలారా, మన లేపాక్షి పక్క చానామందిమి ఒకే బ్యాంకులో పంట రుణం, బంగారం లోను రెండూ తీసుకుంటాం. మెలిక అక్కడే ఉంది.

శెనక్కాయకి లక్ష పంట రుణం తెచ్చినారనుకోండి. వానల్లేక గడువు దాటింది. అదే బ్యాంకులో నగలు పెట్టి తెచ్చిన 60 వేలు వడ్డీతో కట్టేసి నగలడిగితే, "ముందు పంట బాకీ తీర్చండి" అంటారు. దీన్ని జనరల్ లీన్ అంటారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 171వ సెక్షన్ చూపిస్తారు. కాగితంలో వేరేగా రాసుకుని ఉంటే ఆ సెక్షన్ వర్తించదు.

'క్రాస్ డిఫాల్ట్' అని రాసుంటే ఇంకా కష్టం. పంట రుణం తప్పినందుకు, కంతులు సక్రమంగా కడుతున్న ట్రాక్టర్ లోను కూడా మొత్తం ఒకేసారి కట్టమనొచ్చు. రిజర్వు బ్యాంకు నియమాల్లో కూడా మొండి బాకీ అనేది అప్పును బట్టి కాదు, మనిషిని బట్టి. ఒకటి మొండిదైతే ఆ బ్యాంకులో మిగతావీ అంతే.

సంతకానికి ముందే ఈ రెండు మాటలు ఉన్నాయేమో అడగండి. క్రాస్ డిఫాల్ట్ ఈ బ్యాంకు అప్పులకేనా, వేరే బ్యాంకులవి కూడా లెక్కలోకొస్తాయా అని చదివించుకోండి. ఈ బ్యాంకువరకే అయితే, నగలు ఇంకో బ్యాంకులో పెట్టుకోవడం మేలు.