రూపాయికీ ఒక వయసుంది

సాయంత్రం మెట్రోలో మాదాపూర్ నుంచి అమీర్‌పేట వైపు వెళ్తుంటే, నిలబడ్డవాళ్ళలో నలుగురైనా ఫోనులో తమ మ్యూచువల్ ఫండ్ లెక్క చూసుకుంటూ కనిపిస్తారు. ఈ కాలేజీలో చదివి హైటెక్ సిటీలో ఉద్యోగాలకు చేరిన మాలో చాలామందికి మొదటి జీతంతోపాటే సిప్ కూడా మొదలైంది. అంటే నెలనెలా ఒక మొత్తం బ్యాంకు ఖాతాలోంచి ఫండుకు వెళ్ళిపోతుంది. పెట్టిందెంత, ఇవాళ్టి విలువెంత, లాభమెంత అన్నవి మూడూ తెర మీద ఉంటాయి. కానీ లాభాన్ని పెట్టుబడితో భాగించి "నాకింత శాతం వచ్చింది" అనుకోవడంలోనే ఒక చిక్కుంది.

నా సిప్ సంగతే చెబుతాను. 2024 జనవరి నుంచి డిసెంబరు దాకా ప్రతి నెలా మొదట్లో 10,000 చొప్పున కట్టాను. ఏడాది చివర విలువ 1,26,400 అయింది. 1,20,000 మీద 6,400 లాభమంటే అయిదు శాతం చిల్లర. బ్యాంకులో ఫిక్సెడ్ డిపాజిట్ వేసుకున్నా ఇంతకంటే ఎక్కువే వచ్చేదిగదా అనిపిస్తుంది. అది నిజం కాదు. జనవరిలో కట్టిన పదివేలు పన్నెండు నెలలు పనిచేశాయి, డిసెంబరులో కట్టినవి ఒక్క నెలే పనిచేశాయి. సగటున నా రూపాయి వయసు ఆరున్నర నెలలు. ఆరున్నర నెలల్లో అయిదు శాతం చిల్లర అంటే ఏడాదికి సుమారు పది శాతం.

వాయిదాలన్నీ సమానంగా ఉన్నాయి గనుక ఈ సగటు నోటితోనే తేలిపోయింది. ఒక నెల ఎక్కువ పెట్టి, మూడు నెలలు మానేసి, మధ్యలో కొంత వెనక్కి తీసుకుంటే అంత సులువుగా తేలదు. అప్పుడు అక్కరకొచ్చేదే ఎక్స్‌ఐఆర్‌ఆర్. పేరు చూసి బెదరనక్కర్లేదు. ఒక ఊహాబ్యాంకు ఉందనుకోండి. మీరు ఫండులో పెట్టిన ప్రతి మొత్తాన్నీ అదే తేదీన అందులో వేశారు, తీసుకున్న ప్రతి మొత్తాన్నీ అదే తేదీన తీశారు. ఆ బ్యాంకు ఏటా ఎంత వడ్డీ ఇస్తే ఇవాళ మీ ఖాతాలో సరిగ్గా ఫండు విలువంత మిగులుతుందో, ఆ వడ్డీరేటే ఎక్స్‌ఐఆర్‌ఆర్.

మా గదిలో ఉండే మిత్రుడికి ఈ లెక్క నిజంగానే అవసరం పడింది. వాడికి విద్యారుణం ఉంది, వడ్డీ 10.5 శాతం. బోనస్ వచ్చినప్పుడల్లా ఒకే ఫండులో పెడుతూ వచ్చాడు. మధ్యలో చెల్లెలి పెళ్ళికి 40,000 తీశాడు. 2025 ఏప్రిల్లో మళ్ళీ బోనస్ వస్తోంది. "ఏరా, ఫండులో ఇరవై శాతం వస్తుంటే పదిన్నర అప్పు తీర్చడమెందుకు?" అన్నాడు. వాడి ఇరవై ఎలా వచ్చిందంటే, పెట్టింది 1,60,000, తీసింది 40,000, నికరంగా లోపలున్నది 1,20,000. విలువ 1,43,780. లాభం 23,780. దాన్ని 1,20,000తో భాగించాడు. లాభం సరిగ్గానే కట్టాడు, అది ఎన్నాళ్ళకు వచ్చిందో మాత్రం అందులో లేదు.

స్టేట్‌మెంటు తెప్పించాం. మన దేశంలో ఫండ్ల యూనిట్ల ఖాతాలను ఎక్కువగా రెండు రిజిస్ట్రార్ సంస్థలు రాస్తాయి. ఒకటి చెన్నైలోని కామ్స్, రెండోది మన హైదరాబాదులోనే, ఫైనాన్షియల్ డిస్ట్రిక్టులో ఉన్న కేఫిన్‌టెక్. అన్ని ఫండ్లూ కలిపిన స్టేట్‌మెంటు ఈ-మెయిలుకు వస్తుంది. అందులోంచి అయిదు వరుసలు షీటులోకి ఎక్కించాం. పెట్టినవి మైనస్, తీసినవి ప్లస్. చివరి వరుస ఇవాళ్టి విలువ, అంటే మిగిలిన యూనిట్లను ఆ రోజు ఎన్ఏవీతో హెచ్చవేసిన మొత్తం. అదీ ప్లస్సే.

```
2022-04-05   -50000
2023-04-05   -50000
2023-10-05    40000
2024-10-07   -60000
2025-04-04   143780

=XIRR(B1:B5, A1:A5)
```

జవాబు 10 శాతం. వాడు నమ్మలేదు. సరే, యంత్రం చేసే పనే మనమూ చేద్దామన్నాను. ఊహాబ్యాంకు 8 శాతం ఇచ్చిందనుకుంటే చివర 1,38,724 మిగులుతుంది. అసలు విలువ కంటే తక్కువ, కాబట్టి రేటు 8కి పైనే ఉంది. 12 శాతమైతే 1,48,990 వస్తుంది, అది ఎక్కువ. నడుమ 10 పెట్టి చూస్తే మొదటి యాభైవేలు 66,550, రెండోవి 60,500, చివరి అరవైవేలు 62,871 అవుతాయి. తీసిన నలభైవేలు ఖాతాలోనే ఉంటే 46,142 అయ్యేవి, వాటిని తీసెయ్యాలి. మిగిలేది 1,43,779. ఒక్క రూపాయి తేడా. ఎక్స్‌ఐఆర్‌ఆర్‌కు నేరు సూత్రం లేదు, యంత్రమూ ఇలా ఊహించి దిద్దుకుంటూనే పోతుంది.

ఈ షీటు తప్పు చెప్పే చోట్లు కొన్నున్నాయి. అన్ని అంకెలూ ఒకే గుర్తుతో ఉంటే `#NUM!` అని చేతులెత్తేస్తుంది, అది నయం. నలభైవేల వరుస మరిచిపోతే మాత్రం నోరెత్తకుండా లాభాన్ని నష్టంగా చూపిస్తుంది. తేదీలది ఇంకో బాధ. 05-04-2022 అని కొడితే అమెరికా పద్ధతిలో ఉన్న షీటు దాన్ని మే 4 అనుకుంటుంది. అందుకే సంవత్సరం ముందు రాశాం. అనుమానం వస్తే చేతిలెక్క ఒకటుంది. ప్రతి మొత్తాన్నీ అది ఉన్న ఏళ్ళతో హెచ్చవేసి కూడి, తీసినదాన్ని తగ్గించండి. వాడికి సుమారు 2,19,500 వచ్చింది. 23,780ని దాంతో భాగిస్తే 10.8 శాతం. చక్రవడ్డీ లేదు కనుక కొంచెం ఎక్కువ చూపింది గానీ, షీటు 10 అనడంలో వింత లేదని తెలిసింది. ఇక వారం పదిరోజుల పెట్టుబడికి ఈ లెక్క వాడకండి. పదిరోజుల్లో 2 శాతం పెరిగితే, ఏడాదంతా అలాగే పెరుగుతుందన్నట్టు 106 శాతం చూపిస్తుంది.

అప్పు వైపు కూడా ఒక మెలిక ఉంది. ఎక్స్‌ఐఆర్‌ఆర్ ఏడాదికొకసారి వడ్డీ కట్టే కొలత. వాడి బ్యాంకు 10.5 శాతాన్ని నెలనెలా కడుతుంది. అదే కొలతలోకి మారిస్తే 11.02 శాతం అవుతుంది. వాడు కొత్త పన్ను పద్ధతిలో ఉన్నాడు గనుక ఆ వడ్డీ మీద పన్ను మినహాయింపు కూడా రాదు. అంటే ఒక చేత్తో 10 సంపాదిస్తూ రెండో చేత్తో 11 కడుతున్నాడు. పైగా ఆ 10 జరిగిపోయిన మూడేళ్ళది, రేపటికి హామీ లేదు. అప్పు మీది 11 మాత్రం నెల తప్పకుండా పడుతుంది.

వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి ఫండు అమ్మేయాలా?" అన్నాడు. అక్కర్లేదన్నాను. ఉన్నదాన్ని కదిపితే అక్టోబరులో పెట్టిన అరవైవేలకు ఇంకా ఏడాది నిండలేదు, ఆ ఫండులో ఏడాదిలోపు తీస్తే ఒక శాతం ఎగ్జిట్ లోడు పడుతుంది. కొత్తగా వచ్చే బోనసును ఎటు పంపాలన్నదే ప్రశ్న. ఆ బోనసు రుణఖాతాలో పడింది. మిగిలిన అసలు మీద నెల వడ్డీ తగ్గిందని బ్యాంకు నుంచి సందేశం వచ్చిన రోజు, వాడు దాన్ని తనంతట తనే షీటులో కొత్త వరుసగా రాసుకున్నాడు.