మిగిలిన మూడు కుట్లు

అక్కకి పుట్టబోయే పాపాయి కోసం అమ్మమ్మ ఊలు దుప్పటి మొదలుపెట్టింది. డిజైను పిన్ని ఫోటో తీసి పంపింది. అందులో గళ్ళున్నాయి గానీ, ఏ గుర్తుకి ఏ అర్థమో చెప్పే పట్టిక లేదు. అమ్మమ్మకి ఆ చిన్న గళ్ళు ఆనవు. "నువ్వు రాసి చదువు, నేను అల్లుతా" అంది.

కుడి అంచున 1, 3, 5 అనే ఉన్నాయి. అంటే అవి ముందువైపు వరుసలే, కుడి నుంచి చదవాలి. వెనకవైపు వరుసలన్నీ పర్ల్ అని అమ్మమ్మే చెప్పింది. ఖాళీ గడి నిట్. సున్నా దగ్గర దారం సూదికి చుడితే ఒక కుట్టు పెరుగుతుంది. ఏటవాలు గీత దగ్గర రెండు కుట్లు కలిసి ఒకటవుతాయి. మొదటి వరుసలో సున్నాలు రెండు, గీతలూ రెండే. లెక్క సరిపోయింది.

చిక్కంతా ఐదో వరుసలో వచ్చింది. మూడు ఖాళీలు, సున్నా, నల్ల త్రికోణం, సున్నా, మూడు ఖాళీలు. త్రికోణమంటే కూడా రెండు కలపడమే అనుకుని రాసేశాను. నమూనాకి 27 కుట్లు వేసి, ఆ తొమ్మిది గళ్ళూ మూడుసార్లు అల్లేసరికి సూది మీద మూడు కుట్లు మిగిలాయి.

"బీటెక్ లెక్క ఇదేనటే?" అంది అమ్మమ్మ.

అప్పుడు కూడి చూశాను. సున్నా పాత కుట్టుని వాడుకోదు కాబట్టి 3+2+3, ఎనిమిదే. తొమ్మిది కావాలంటే త్రికోణం మూడు కుట్లని ఒకటి చేయాలి. అయితే ఆ మూడింట్లో ఏది పైన ఉండాలో లెక్క చెప్పదు. త్రికోణం ఎటూ వాలలేదు కదా, నడిమిదే అనుకున్నాం. అమ్మమ్మ రెండు కుట్లు కలిపి అల్లకుండా జరిపి, మూడోది అల్లి, ఆ రెంటినీ దాని మీదుగా దాటించింది. ఆకు నడిమి ఈనె నిటారుగా నిలిచింది.

"ఊఁ, ఏడోది చదువు."