రెండు కాగితాలు... ఓ చిన్న మెయిల్!

ఉద్యోగం మానేసే రోజు స్వీట్లు పంచుతారు, కేకు కోస్తారు, గ్రూప్ ఫొటో దిగుతారు. బాస్ భుజం తట్టి ‘టచ్‌లో ఉండు’ అంటాడు. ఆ సందట్లో రిలీవింగ్ లెటరూ ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్టూ ‘తర్వాత పంపిస్తాంలే’ జాబితాలోకి వెళ్లిపోతాయి. గొడవపడి మానేసినవాళ్లే నయం, పట్టుబట్టి చేతిలో కాగితం పడ్డాకే గడప దాటుతారు. ఇబ్బందల్లా మంచిగా మానేసినవాళ్లకే!

హైదరాబాద్‌లోని ఓ చిన్న కంపెనీ అకౌంట్స్ విభాగంలో మూడేళ్లు పనిచేసిన ఓ అమ్మాయికి అదే జరిగింది. 2024 జూన్ 28న అక్కడ మానేసి, జులై 1న ఇంకోచోట చేరింది. వాళ్లు పాత కాగితాలేవీ అడగలేదు. తర్వాతి సంవత్సరం మార్చిలో పెద్ద కంపెనీలో ఉద్యోగం ఖాయమైంది. వాళ్లు మాత్రం పాత ఉద్యోగాలన్నిటి కాగితాలూ అడిగారు, మార్చి 20 లోపు ఇవ్వాలన్నారు.

వాళ్లకు రెండూ ఎందుకంటే ఒక్కోటి ఒక్కో సంగతి చెబుతుంది. ఏ హోదాలో, ఎప్పటినుంచి ఎప్పటివరకూ పనిచేశారన్నది ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్‌లో ఉంటుంది. రాజీనామా ఆమోదించి, ఫలానా తేదీన విధులనుంచి విడుదల చేశామన్నది రిలీవింగ్ లెటర్‌లో ఉంటుంది. కొన్ని సంస్థలు రెండూ కలిపి ఒకే కాగితంగా ఇస్తాయి.

ఆ అమ్మాయి ముందు పాత మేనేజర్‌కి ఫోన్ చేసింది. ‘దానికేం భాగ్యం, రేపే పంపిస్తానమ్మా’ అన్నాడాయన. వారం గడిచింది. ఆయన అబద్ధమాడలేదు. కానీ లెటర్ తయారుచేయాల్సింది హెచ్ఆర్ వాళ్లు. ఫోన్‌లో అడిగింది వాళ్లదాకా వెళ్లలేదు. మళ్లీ ఫోన్ చేయాలంటే మొహమాటం. దాంతో మార్చి 10న మెయిల్ రాయడానికి కూర్చుంది. మొదట రాసింది పేజీన్నర అయింది. అందరి క్షేమసమాచారాలూ, ఇన్నాళ్లూ అడగనందుకు సంజాయిషీ, కొత్త ఉద్యోగం కబుర్లూ... అడగాల్సింది మాత్రం చివర్లో ఒక్క ముక్క. మంచి పరిచయం ఉన్నచోట ఇలాగే కలం సాగుతుంది మరి.

అదంతా కొట్టేసి మళ్లీ రాసింది. ఆఫీసు మెయిల్ మానేసిన రోజే ఆగిపోయింది కాబట్టి సొంత మెయిల్ నుంచే పంపాలి. కొత్తగా వచ్చిన హెచ్ఆర్ ఉద్యోగికి ఆమె ఎవరో తెలియదు. అందుకే సబ్జెక్టులోనే పేరూ ఎంప్లాయీ నంబరూ, కావలసిన రెండు కాగితాల పేర్లూ పెట్టింది. మెయిల్ హెచ్ఆర్‌కి, కాపీ మేనేజర్‌కి. ఇంగ్లిషులో రాసిన దాని సారం ఇదీ:

‘నమస్కారం. 2021 జులై 12 నుంచి 2024 జూన్ 28 వరకూ మన సంస్థలో పనిచేశాను. అకౌంట్స్ అసిస్టెంట్‌గా చేరాను, మానేసేనాటికి సీనియర్ ఎగ్జిక్యూటివ్‌ని. నాకు ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్, రిలీవింగ్ లెటర్ కావాలి. సంతకం, ముద్రతో లెటర్‌హెడ్ మీద ఇచ్చిన వాటి స్కాన్ కాపీలు మార్చి 19 లోపు పంపగలరా? నా రాజీనామాను ఆమోదించిన మెయిల్ జతచేశాను. ఇంకేమైనా వివరాలు కావాలంటే ఈ నంబరుకు ఫోన్ చేయండి. మీతో కలిసి పనిచేసిన మూడేళ్లూ నాకెంతో నేర్పాయి. కృతజ్ఞతలు.’

ఎందుకు కావాలో రాయలేదు, అక్కర్లేదు కూడా. గడువు మాత్రం అసలుదానికి ఒకరోజు ముందుకు జరిపింది.

వారం గడిచినా జవాబు లేకపోతే 17న అదే మెయిల్‌కి రిప్లై కొట్టి, ‘వీలైతే ఒకసారి చూడగలరు’ అని ఒక్క వాక్యం జోడించింది. కొత్త మెయిల్ రాస్తే పాత వివరాలన్నీ మళ్లీ వెతుక్కోవాలి కదా! మర్నాడే రెండు లెటర్లూ వచ్చాయి.

అయితే రిలీవింగ్ లెటర్‌లో తేదీ జులై 30 అని ఉంది. అక్కడ నోటీసు గడువు అరవై రోజులు. మే 31న రాజీనామా ఇచ్చింది కాబట్టి హెచ్ఆర్ వాళ్లు అరవై లెక్కగట్టి వేసేశారు. సగం గడువు మేనేజర్ మాఫీ చేసిన సంగతి వాళ్లకు తెలియదు. చూడ్డానికి చిన్న పొరపాటే. కానీ జులై 1నే ఆమె ఇంకోచోట చేరింది. ఆ లెటర్ అలాగే ఇచ్చుంటే నెలరోజులు ఒకేసారి రెండు ఉద్యోగాలు చేసినట్టు తేలేది, తనిఖీలో సరిగ్గా అలాంటి చోటే ఆగుతారు.

ఆమె పీఎఫ్ ఖాతా తెరిచి చూసింది. ఉద్యోగం మానేసిన తేదీ జూన్ 28 అనే ఉంది. ఆ పేజీనీ, ముందే వెళ్లొచ్చని మేనేజర్ అప్పట్లో పంపిన మెయిల్‌నూ జతచేసి రెండు వాక్యాల్లో రాసింది: ‘లెటర్లు అందాయి, ధన్యవాదాలు. నా ఆఖరి పనిదినం జూన్ 28, దయచేసి ఆ తేదీతో సవరించి ఇవ్వగలరు.’ తప్పు ఎవరిదన్న ప్రస్తావనే లేదు.

ఈసారి జవాబు మేనేజర్ నుంచే వచ్చింది, ‘ఈ పూటే మార్పిస్తానమ్మా’ అని. 19 సాయంత్రానికి సరిచేసిన లెటర్ మెయిల్‌లో ఉంది. అసలు కాగితాలు కొరియర్‌లో ఇంటికి పంపమని అడిగిందామె, ఈసారి ఫోన్‌లో కాదు... అదే మెయిల్‌కి రిప్లై కొట్టి!