జీతం అడగడమూ, రొయ్యల కౌంటూ

ఏప్రిల్‌లో లెటర్ చేతికొచ్చాక మేనేజర్ దగ్గరికెళ్ళి మొత్తుకునేవాళ్ళని చాలామందిని చూశాను. అప్పటికి ఆయన చేతిలో ఏమీ ఉండదు. మా కంపెనీలో అయితే ఎవరికెంత అన్న బడ్జెట్ ఫిబ్రవరిలోనే పంచేస్తారు. అందుకే నేను 2025లో సంక్రాంతి సెలవులకి ముందే ఓ అరగంట టైమ్ అడిగాను.

విషయం ఏంటంటే, 2024 జనవరిలో మా టీమ్ లీడ్ మానేశాడు. కొత్తవాళ్ళని తీసుకోలేదు. రిలీజులు చూసుకోవడం, ఇద్దరు కొత్త పిల్లలకి పని నేర్పడం, క్లయింట్‌తో వారం వారం కాల్, అన్నీ "ప్రస్తుతానికి నువ్వు చూడు" అంటూ నా మీదకొచ్చాయి. ఆ ప్రస్తుతం ఏడాది సాగింది :)

నేను పనిచేసేది మైపాడు దగ్గర మా ఊళ్ళో, ఇంటినుంచే. ఆ అక్టోబరులో వాయుగుండం పట్టినప్పుడు కరెంటు పోయి, ఇన్వర్టర్ చార్జింగ్ అయిపోయేలోగా ఒక రిలీజ్ పూర్తిచేశాను. అడిగేటప్పుడు ముందు ఇదే చెప్పాలనుకున్నా. నాన్నతో అంటే ఆయన నవ్వారు. మాకు రెండు రొయ్యల గుంటలున్నాయి లెండి. "కొనేవోడొచ్చి కౌంటెంతని చూస్తాడు గానీ, ఏరియేటర్ల కాడ నువ్వెన్ని రాత్రులు మేలుకున్నావని ఎవుడడుగుతాడ్రా అబ్బయా?" అన్నారు. కౌంటు అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగాయన్న లెక్క. 30 కౌంటుకి ఒక రేటు, 100 కౌంటుకి ఇంకో రేటు. పడ్డ కష్టం ఎక్కడా కనబడదు.

సరే, ఆ వాయుగుండం సంగతి పక్కన పెట్టేశా. మా కంపెనీ సైట్లోనే లీడ్ ఉద్యోగానికి ఏమేం చెయ్యాలో రాసిన పేజీ ఉంది. అందులోని అంశాలు ఎడంపక్క, నేను చేసినవి కుడిపక్క పెట్టి ఒక్క పేజీ తయారుచేశాను. ఏడాదిలో 26 రిలీజులు, 23 నేను నడిపినవి. ఆన్‌కాల్ 52 వారాల్లో నావి 19. ఆరుగురున్న టీమ్‌లో సమానంగా పంచితే తొమ్మిదికి మించవు. ఇద్దరు కొత్తవాళ్ళూ ఆర్నెల్లలో సొంతంగా రిలీజులు చెయ్యగలిగారు. ఇవన్నీ టికెట్లలో, రోస్టర్‌లో ఉన్నవే, ఎవరైనా చూసుకోవచ్చు. హోమ్‌లోన్ సంగతీ, పక్కవాడి జీతం సంగతీ అసలు ఎత్తలేదు. అవి ఎత్తితే మాట నా పని మీంచి వాటి మీదకి పోతుంది.

మీటింగ్‌లో నేనడిగిన ప్రశ్న ఒకటే. "సర్, ఏడాదిగా ఈ పేజీలో ఉన్న పని చేస్తున్నాను. జీతం మాత్రం పాత పనికే ఉంది. దీన్ని ఎలా సరిచేద్దాం?" 16 లక్షల సీటీసీ ఉంది, 19 కావాలని అంకె కూడా చెప్పేశా. అంకె చెప్పకపోతే "చూద్దాం" దగ్గరే ఆగిపోతుంది.

ఆయన ఊహించినట్టే "బడ్జెట్ టైట్‌గా ఉందయ్యా, అందరూ కష్టపడుతున్నారు" అన్నారు. కష్టం గురించి వాదనకి దిగలేదు. "అర్థమైంది సర్. ఇప్పుడు కుదరకపోతే ఎప్పుడు కుదురుతుందో ఒక తేదీ మెయిల్‌లో ఇవ్వండి. లేదంటే ఆన్‌కాల్, క్లయింట్ కాల్ వేరేవాళ్ళకి మారుద్దాం, నేనే దగ్గరుండి అప్పగిస్తాను" అన్నాను. బెదిరింపులా వినిపించకూడదని ఇంట్లో రెండుసార్లు గొంతు తగ్గించి చెప్పి చూసుకున్నాను కూడా. ఆయన కాసేపాగి, ఆ పేజీ తనకి పంపమన్నారు. పై వాళ్ళతో మాట్లాడేది ఆయనే కదా, ఆయన చేతిలో ఏదో ఒక కాగితం ఉండాలి.

మార్చిలో 15 శాతం అన్నారు, అంటే 18.4 లక్షలు. అడిగినంత కాకపోయినా సంతోషమే. కానీ డ్రాఫ్ట్ లెటర్‌లో వేరియబుల్ 10 నుంచి 15 శాతానికి పెరిగింది. కూర్చుని లెక్కేస్తే పాత ఫిక్స్‌డ్ 14.4, కొత్తది 15.64. నెలనెలా వచ్చే దాంట్లో పెరిగింది 8.6 శాతమే! మిగతాది కంపెనీ లాభాల్ని బట్టి వస్తే వచ్చినట్టు.

ఆ లెక్కే మూడు లైన్లలో రాసి, "మనం మాట్లాడుకున్న 15 శాతం ఫిక్స్‌డ్‌కి కూడా వర్తిస్తుందా?" అని మెయిల్ పెట్టాను. లీడ్ బ్యాండ్‌కి వేరియబుల్ 15 ఉండాల్సిందేనని హెచ్ఆర్ వాళ్ళు. నాలుగు రోజులు అటూ ఇటూ అయ్యాక, మొదటి ఏడాది 10 శాతమే ఉంచి, తర్వాతి ఏడాది నుంచి 15 చేస్తామన్నారు. ఆ మాట కూడా లెటర్‌లో చేర్చాక సంతకం పెట్టాను. ఏప్రిల్ నెల పేస్లిప్‌లో ఫిక్స్‌డ్ 16.56 లక్షల లెక్కనే పడింది.