ఏడు టిక్కులు

సినిమాల్లో కోచ్ మాట్లాడేది ఫైనల్‌కి ముందు. ‘చక్ దే ఇండియా’లో షారుఖ్ ఖాన్ డెబ్భై నిమిషాల గురించి చెప్పే సీన్ ఎక్కడ కనబడినా నేను ఇప్పటికీ ఆగి చూస్తాను. కానీ జట్టుకి నిజంగా పనికొచ్చే ప్రసంగం అక్కడ ఉండదని నా అనుమానం. అది సీజన్‌కి ఆరు వారాల ముందు, ఎవరికీ రోమాలు నిక్కబొడవని గొంతుతో, చేతిలో హాజరు పట్టీతో చెప్పేది.

మిర్యాలగూడ వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో నేను తొమ్మిదో తరగతి చదువుతున్నప్పుడు మా పీఈటీ సార్ అలాంటిదే చెప్పారు. మాది కబడ్డీ జట్టు. నేను రైట్ కవర్.

సార్ ముందు ప్లాన్ చెప్పారు. ఆరు వారాలు, సోమవారం నుంచి శుక్రవారం దాకా, మొత్తం 30 సాయంత్రాలు. మొదటి రెండు వారాలు ఎవరూ ఎవర్నీ పట్టుకోకూడదు. పరుగు, కప్పగంతులు, దెబ్బ తగలకుండా పడటం, అంతే. తర్వాతి రెండు వారాలు జంటలుగా పట్టు నేర్చుకోవాలి. రైడర్ మొదట నడుస్తూ వస్తాడు, ఆ తర్వాత సగం వేగంతో, చివరికి పూర్తి వేగంతో. ఆఖరి రెండు వారాలు మాత్రం ఏడుగురూ కలిసి ఆడాలి.

‘‘మరి ఏడుగురు ఉంటరా?’’ అంటూ కిందటేడు పట్టీ తెరిచారు. ఒక్కొక్కడూ ముప్ఫైలో 24 రోజులు వచ్చాడు. మాకది మంచి హాజరే అనిపించింది. నూటికి ఎనభై కదా! ‘‘ఇగ నిలువుగా ఏడు టిక్కులున్న రోజులు లెక్కపెట్టుండ్రి’’ అన్నారు. ఒకడు లేచి వేలు పెట్టి లెక్కపెట్టాడు. ఎనిమిది.

‘‘మీరు ఒక్కొక్కరు ఆరు రోజులే రాలే. జట్టు మాత్రం ఇరవై రెండు రోజులు రాలే.’’

ఈ లెక్క వెనకున్న సూత్రం నాకు ఇంజనీరింగ్‌లో ప్రాబబిలిటీ చదివినప్పుడు దొరికింది. 0.8ని ఏడుసార్లు గుణిస్తే 0.21 వస్తుంది. అంటే ముప్ఫైలో ఆరు రోజులు. మాకు ఎనిమిది ఎందుకొచ్చాయంటే, వాన పడ్డ రోజో జాతర రోజో చాలామంది ఒకేసారి ఎగ్గొడతారు. జట్టుకి అలాంటి రోజులు నయం. ఆరుగురు వచ్చి ఒకడు రాకపోవడం, అదీ రోజుకొకడు రాకపోవడం, అసలు నష్టం.

పరుగుపందెం వాడు 24 రోజులొస్తే 24 రోజుల సాధన దక్కుతుంది. కబడ్డీలో అలా కాదు. రైడర్ మూలకొచ్చి కాలు చాపుతాడు. కార్నర్ వంగి చీలమండ పట్టుకుంటాడు. ఒక్కడి పట్టు చాలదు, రైడర్ వాణ్ణి ఈడ్చుకుంటూ వెళ్లి మధ్యగీత తాకేస్తాడు. ఆ దారి మూయడం పక్కనున్న కవర్ పని. ముందే కదిలితే రైడర్ పసిగట్టి వెనక్కి పోతాడు. ఆలస్యంగా కదిలితే కార్నర్ ఔట్. అందుకే కవర్ రైడర్‌ని కాదు, తన కార్నర్‌ని చూస్తుండాలి. మా కార్నర్ పట్టే ముందు ఎడమ భుజం కొంచెం దించేవాడు. ఆ భుజాన్ని వేరే వాడితో ఎన్నాళ్లు ఆడినా నేర్చుకోలేను.

సార్ దీనికి గుర్తు కూడా చెప్పారు. ‘‘పట్టినోడు తల తిప్పి పక్కోణ్ణి చూసిండంటే, ఇద్దరు కలిసి ఆడలేదన్నట్టు.’’ తల తిరిగిన ఆ క్షణంలో పట్టు సడలుతుంది.

ఆ తర్వాత ఆయన అడిగింది నేను ఏ సినిమాలోనూ చూడలేదు. ‘‘ఎవరికి ఏ రోజు కుదరదో ఇప్పుడే చెప్పుండ్రి.’’ మా కార్నర్ చాలాసేపు తల దించుకుని కూర్చున్నాడు. చివరికి లేచి, గురువారం సంతలో అమ్మతో కూరగాయలు అమ్మాలి సార్ అన్నాడు. జట్టులోంచి తీసేస్తారని వాడి భయం. నా భయం కూడా అదే. సార్ పట్టీ మీద ఏదో రాసుకుని, ‘‘గురువారం అందరికీ సెలవు. శనివారం ఆడదాం’’ అన్నారు. వాడి ఆరు గైర్హాజరీలు అక్కడికక్కడే ఎవరివీ కాకుండా పోయాయి. ఇక అనుకోకుండా రాలేని రోజుంటే ముందురోజే చెప్పాలన్నారు. అప్పుడు ఆ జంటలో రిజర్వు ఆటగాణ్ణి నిలబెట్టొచ్చు, రెండోవాడి సాయంత్రం వృథా కాదు.

ఆ ఏడు చివరి పది సాయంత్రాల్లో ఏడు టిక్కులు పడ్డవి తొమ్మిది. మండలంలో గెలిచాం, డివిజన్‌లో రెండో మ్యాచ్ ఓడాం. ఓడిన ఆటలోనే, మాకంటే ఒక అడుగు పొడుగున్న రైడర్ మా మూలకొచ్చి కాలు చాపాడు. ఎడమ భుజం దిగింది. నేను కదిలాను. చీలమండ పట్టుకున్నవాడు పట్టు బిగించి నేలనే చూస్తున్నాడు, నా వైపు తల తిప్పలేదు.